ఫోటోలో కనిపించే పొరల గోడ: ఇటుకకీ థర్మోకోల్‌కీ మధ్య ఉష్ణోగ్రత ఎంతో లెక్కగట్టడం

పోయిన వర్షాకాలంలో, గుంటూరు దగ్గర మిర్చి కోల్డ్ స్టోరేజీ నడిపే తెలిసిన తమ్ముడొకడు వాట్సాప్‌లో ఒక ఫోటో పంపాడు. తలుపు వెడల్పు చేయడానికి గోడ కోశారట, కోసిన చోట లోపలి పొరలన్నీ కేకు ముక్కలా బయటపడ్డాయి. "అన్నా, థర్మోకోల్ తడిసి ముద్దయింది, మేస్త్రీ ఏమో వాన నీళ్ళు దిగాయంటున్నాడు, నిజమేనా?" అని అడిగాడు. ఆ గోడ లారీలు ఆగే ప్లాట్‌ఫారం వైపుది, పైన రేకుల కప్పు ఉంది, దాని మీద వాన పడే అవకాశమే లేదు. మరి నీళ్ళు ఎక్కడివి? ఇటుకా థర్మోకోల్ కలిసే చోట ఎంత ఉష్ణోగ్రత ఉందో తెలిస్తేనే దీనికి జవాబు దొరుకుతుంది. ఆ ఉష్ణోగ్రతని ఒక ఫోటో, ఒక కాగితంతో ఎలా పట్టుకోవాలో ఇక్కడ మొదటి నుంచీ చెబుతాను.

ఫోటో నుంచి మందాలు తీయడం

ముందు ఫోటో సరైనదేనా అన్నది చూసుకోవాలి. కోసిన ముఖానికి ఎదురుగా, పక్కకి వంగకుండా తీసిన ఫోటో అయితేనే కొలతలు పనికొస్తాయి. ఓరగా తీస్తే దగ్గరి పొర లావుగా, దూరపు పొర సన్నగా కనిపిస్తుంది, దాన్ని ఎంత సరిచేసినా అనుమానం మిగిలే ఉంటుంది. తమ్ముడు మొదట పంపింది అలా ఓరగా తీసిందే, అందుకని ఫోన్‌ని గోడ కోత ఎత్తులో నిటారుగా పట్టుకుని, రెండడుగులు వెనక్కి జరిగి, కొద్దిగా జూమ్ చేసి మళ్ళీ తీయమన్నాను. టేపు పెట్టి తీస్తే ఇంకా మంచిది, కానీ పెట్టలేదు. పెట్టకపోయినా ఇబ్బంది లేదు, ఎందుకంటే ఇటుక గోడలోనే స్కేలు ఉంటుంది.

మామూలు తొమ్మిది అంగుళాల ఇటుక మందం మూడు అంగుళాలు, అంటే 75 మిల్లీమీటర్లు, దాని మీద సిమెంటు జాయింటు 10 కలిపితే ఒక్కో వరసకి సుమారు 85 మిల్లీమీటర్లు వస్తుంది. ఒక్క ఇటుకని కొలిస్తే ఆ ఇటుక అరిగిందో విరిగిందో తెలియదు కాబట్టి, వరసగా ఐదు వరసల్ని కలిపి కొలవండి. ఈ ఫోటోలో ఐదు వరసలకి 850 పిక్సెళ్ళు వచ్చాయి. ఐదు వరసలంటే 425 మిల్లీమీటర్లు కాబట్టి మిల్లీమీటరుకి రెండు పిక్సెళ్ళు. ఫోన్‌లో ఫోటో ఎడిట్ చేసే ఏ యాప్‌లోనైనా క్రాప్ గీత లాగితే పిక్సెళ్ళు కనిపిస్తాయి. వాట్సాప్ ఫోటోని చిన్నది చేసినా భయం లేదు, నిడివీ వెడల్పూ ఒకే నిష్పత్తిలో తగ్గుతాయి.

ఇప్పుడు అడ్డంగా కొలవాలి. బయటి నుంచి లోపలికి వస్తే: బయటి ప్లాస్టరింగ్ 30 పిక్సెళ్ళు, ఇటుక 460, థర్మోకోల్ 196, మెష్ కట్టి చేసిన లోపలి ప్లాస్టరింగ్ మళ్ళీ 30. ఇటుకకి 460 అంటే 230 మిల్లీమీటర్లు, సరిగ్గా తొమ్మిది అంగుళాలు. నిలువు వరసల నుంచి తీసిన స్కేలుతో అడ్డం కొలతా సరిపోయిందంటే ఫోటో వంకర లేదనే అర్థం. ఈ చిన్న సరిచూపు ఎప్పుడూ చేయండి. థర్మోకోల్ 98 మిల్లీమీటర్లు తేలింది కానీ మధ్యలో ఒక సన్నని గీత కనిపిస్తోంది, అంటే 50 మిల్లీమీటర్ల పలకలు రెండు వేశారు, కాబట్టి 100 అని రాసుకున్నాను. ప్లాస్టరింగ్ చెరో 15.

అంచు ఎక్కడ మొదలవుతుందో చూడడంలో మిల్లీమీటరో రెండో తేడా వస్తుంది. అది 15 మిల్లీమీటర్ల ప్లాస్టరింగ్‌లో పెద్ద తప్పే, కానీ ప్లాస్టరింగ్ వేడిని పెద్దగా ఆపదు కాబట్టి మన జవాబు మారదు. థర్మోకోల్ కొలతలో మాత్రం జాగ్రత్తగా ఉండండి, లెక్కంతా దాని మీదే నిలబడుతుంది.

ప్రతి పొర నిరోధం

వేడి ఒక పొర గుండా పోవడానికి ఆ పొర పెట్టే అడ్డంకినే ఉష్ణ నిరోధం అంటాం. మందం పెరిగితే అది పెరుగుతుంది, పదార్థం వేడిని బాగా మోసేదైతే తగ్గుతుంది. ఒక చదరపు మీటరు గోడకి లెక్క ఇది:

```
R = L / k
q = (T_బయట - T_లోపల) / R_మొత్తం
```

ఇందులో R నిరోధం, q గోడ గుండా పోయే వేడి, L మందం, అది మీటర్లలో ఉండాలి. మిల్లీమీటర్లు అలాగే వేసేస్తే నిరోధం వెయ్యి రెట్లు పెరిగి, గోడ గుండా వేడి అసలు రావడం లేదన్నట్టు కనిపిస్తుంది. ఈ లెక్కల్లో నేను ఎక్కువసార్లు చూసిన తప్పు ఇదే. k అంటే ఉష్ణ వాహకత. మామూలు కాల్చిన ఇటుకకి 0.81, సిమెంటు ప్లాస్టరింగ్‌కి 0.72, పొడిగా ఉన్న థర్మోకోల్‌కి 0.036 తీసుకున్నాను.

గోడకి రెండు వైపులా అంటుకుని ఉండే పల్చని గాలి పొరలు కూడా వేడిని ఆపుతాయి. చాలామంది వీటిని మరిచిపోతారు, లేదా బయటి గాలి ఉష్ణోగ్రతనే గోడ ఉపరితలానిది అనుకుంటారు. బయట గాలి వీస్తుంటుంది కాబట్టి దానికి 0.04, లోపల గాలి నెమ్మదిగా ఉంటుంది కాబట్టి 0.125 వేశాను. లోపలి ఫ్యాను నేరుగా గోడ మీదికి వీస్తుంటే ఇది ఇంకా తగ్గుతుంది.

వేడి ఈ పొరలన్నిటినీ ఒకదాని తర్వాత ఒకటిగా దాటాలి, పక్కదారి లేదు, అందుకే నిరోధాలన్నిటినీ నేరుగా కూడతాం:

```
బయటి గాలి           0.040
బయటి ప్లాస్టరింగ్      0.021
ఇటుక               0.284
థర్మోకోల్            2.778
లోపలి ప్లాస్టరింగ్      0.021
లోపలి గాలి           0.125
మొత్తం              3.269
```

ఈ పట్టికని ఒక నిమిషం చూడండి. తొమ్మిది అంగుళాల ఇటుక గోడ మొత్తం కలిసి థర్మోకోల్ ఆపేదాంట్లో సుమారు పదో వంతే ఆపుతోంది.

కలిసే చోట ఉష్ణోగ్రత

మిర్చి గదిలో 5 డిగ్రీలు, బయట ఎండాకాలం 40 డిగ్రీలు అనుకుందాం. తేడా 35. దాన్ని 3.269తో భాగిస్తే చదరపు మీటరుకి 10.71 వాట్లు. గోడలో ఉష్ణోగ్రతలు మారకుండా నిలకడగా ఉంటే ప్రతి పొర గుండా పోయేది ఈ 10.71 వాట్లే, ఎక్కడా ఎక్కువా తక్కువా కాదు. కాబట్టి ఏ రెండు పొరల మధ్య ఉష్ణోగ్రత కావాలన్నా, బయటి నుంచి అక్కడి వరకు ఉన్న నిరోధాలు కూడి, 10.71తో గుణించి, 40లోంచి తీసేయడమే.

ఇటుకా థర్మోకోల్ కలిసే చోటికి బయటి నుంచి ఉన్నవి గాలి, ప్లాస్టరింగ్, ఇటుక. మూడూ కలిపి 0.345.

```
T = 40 - 10.71 × 0.345 = 36.3
```

జవాబు 36.3 డిగ్రీలు. దీన్ని అవతలి వైపు నుంచి కూడా లెక్కేసి చూడండి: లోపలి నుంచి థర్మోకోల్, ప్లాస్టరింగ్, గాలి కలిపి 2.924, దాన్ని 10.71తో గుణిస్తే 31.3, దానికి 5 కలిపితే మళ్ళీ 36.3. రెండు వైపుల నుంచీ ఒకే సంఖ్య రాకపోతే ఏదో పొరని వదిలేశారు లేదా రెండుసార్లు లెక్కేశారు. 40కీ 5కీ సగటు తీసి 22.5 అని రాసేవాళ్ళున్నారు, రెండు వైపులా నిరోధం సమానమైతే తప్ప అది నిజం కాదు. ఇక్కడ 35 డిగ్రీల పతనంలో దాదాపు 30 డిగ్రీలు ఒక్క థర్మోకోల్‌లోనే జరుగుతోంది.

ఇటుక వాహకత ఊరూరికీ మారుతుంది, ఆ 0.81 మన ఇటుకకి సరిపోతుందా అని సందేహం రావచ్చు. 0.6 వేసి చూశాను, జవాబు 35.4 వచ్చింది. ఒక డిగ్రీ లోపు తేడా, ఎండాకాలం ప్రశ్నకి అది ఏమీ కాదు. వర్షాకాలానికి వచ్చేసరికి ఈ ఒక్క డిగ్రీ పెద్దదవుతుంది.

నీళ్ళు ఎక్కడివి

గాలిలోని తేమ నీరుగా మారే ఉష్ణోగ్రతని డ్యూ పాయింట్ అంటారు. చల్లటి మజ్జిగ గ్లాసు బయట నీటి చుక్కలు పట్టేది గ్లాసు ఉష్ణోగ్రత ఆ గీత కంటే కిందికి దిగినందుకే. కోల్డ్ స్టోరేజీ గోడలో తేమ బయటి నుంచి లోపలికి, అంటే వేడి వైపు నుంచి చలి వైపుకి నడుస్తుంది. ఇటుక దాన్ని ఆపలేదు, ప్లాస్టరింగ్ కూడా పెద్దగా ఆపదు.

40 డిగ్రీల్లో తేమ 45 శాతం ఉంటే డ్యూ పాయింట్ సుమారు 26. ఇటుకా థర్మోకోల్ కలిసే మన జాయింటు 36.3 దగ్గర ఉంది, చాలా పైన. అంటే ఎండాకాలం ఇటుక లోపలి ముఖం మీద నీరు పట్టదు. కానీ ఆ తేమ థర్మోకోల్‌లోకి వెళ్ళగలిగితే, 26 డిగ్రీలు ఎక్కడ వస్తుందో చూడాలి. 40 నుంచి 26కి దిగాలంటే 14 డిగ్రీలు, దాన్ని 10.71తో భాగిస్తే 1.307 నిరోధం. అందులో 0.345 ఇటుక వరకే అయిపోయింది, మిగిలిన 0.962 థర్మోకోల్‌లో దాటాలి. 0.962ని 0.036తో గుణిస్తే 0.035 మీటర్లు. అంటే థర్మోకోల్‌లోకి 35 మిల్లీమీటర్లు వెళ్ళాక, మొదటి పలక మధ్య దాటిన చోట, నీరు మొదలవుతుంది.

ఇక వర్షాకాలం. బయట 28 డిగ్రీలే, కానీ తేమ 90 శాతం అనుకోండి. తేడా 23కి తగ్గింది, వేడి ప్రవాహం కూడా 7.04 వాట్లకి తగ్గింది, కరెంటు బిల్లు చూసేవాళ్ళకి ఇది మంచి కాలం. జాయింటు దగ్గర మాత్రం:

```
T = 28 - 7.04 × 0.345 = 25.6
```

ఆ గాలికి డ్యూ పాయింట్ 26.2. అంటే ఇటుకకీ థర్మోకోల్‌కీ మధ్యనే నీరు పడుతోంది! మండే ఎండలో పొడిగా ఉండే చోటు చల్లటి ముసురులో తడుస్తోంది. 0.6 డిగ్రీల తేడా మీద ఒట్టేసి చెప్పలేం, గాలిలో తేమ నాలుగు శాతం తగ్గినా అది తారుమారవుతుంది. కానీ గోడ సరిగ్గా గీత మీద నిలబడి ఉందన్నది మాత్రం ఖాయం, రాత్రి తేమ ఇంకో నాలుగు శాతం పెరిగితే చాలు, సందేహం ఉండదు.

నాకు నిజంగా ఆందోళన కలిగించిన సంగతి ఆ తర్వాతిది. థర్మోకోల్ తడిస్తే దాని వాహకత పెరుగుతుంది, ఎందుకంటే నీరు గాలి కంటే చాలా ఎక్కువ వేడిని మోస్తుంది. ఉదాహరణకి అది రెట్టింపై 0.07 అయిందనుకోండి. మొత్తం నిరోధం 1.92కి పడిపోతుంది, వర్షాకాలం ప్రవాహం 12 వాట్లకి పెరుగుతుంది, జాయింటు ఉష్ణోగ్రత 28 - 12 × 0.345, అంటే 23.9కి దిగుతుంది. తడిసినందువల్ల ఆ చోటు ఇంకా చల్లబడింది, చల్లబడినందువల్ల ఇంకా ఎక్కువ నీరు పడుతుంది. ఒకసారి మొదలైతే ఏటేటా పెరిగేదే తప్ప ఆగేది కాదు.

మళ్ళీ ఫోటో తెరిచి చూశాను. ఇటుకకీ థర్మోకోల్‌కీ మధ్య వేడి తారు పూత ఉండాలి, ఫోటోలో అది నల్లటి గీతలా కనిపించాలి. కింది సగంలో స్పష్టంగా ఉంది. పై సగంలో లేదు, పలకల్ని అక్కడక్కడా చుక్కలుగా తారు పెట్టి అంటించినట్టున్నారు. తారు పూత మందం చాలా తక్కువ కాబట్టి నిరోధాల పట్టికలో దాన్ని వదిలేసినా లెక్క మారదు. తేమని ఆపేది మాత్రం అదే. అది వేడి వైపు, అంటే ఇటుక లోపలి ముఖం మీద, ఒక్క చిల్లు కూడా లేకుండా ఉండాలి. అప్పుడు వర్షాకాలం నీరు పడినా తారుకి ఇటుక వైపునే పడుతుంది, ఇటుక దాన్ని పీల్చుకుని ఎండ వచ్చాక వదిలేస్తుంది, థర్మోకోల్ దాకా చేరదు.

వాన నీళ్ళా, గోడలో పట్టిన నీళ్ళా

దీన్ని తేల్చడం లెక్కతోనే కాదు, చూపుతో కూడా సాధ్యమే. పై నుంచి దిగిన నీరు ఇటుక మీద చారలు చారలుగా, తెల్లటి ఉప్పు మరకలతో, ఒకచోట ఎక్కువ ఇంకోచోట అసలు లేకుండా ఉంటుంది. గోడలోనే పట్టిన నీరు తారు లేని చోటంతా పరుచుకుని ఉంటుంది. తమ్ముడిని పై పలక ఒకటి, కింది పలక ఒకటి తూకం వేయమన్నాను. మీటరు పొడవు, అర మీటరు వెడల్పు, 50 మిల్లీమీటర్ల మందం ఉన్న పలక, ఘనపు మీటరుకి 16 కిలోల రకమైతే పొడిగా 400 గ్రాములే తూగాలి. కింది పలక అర కిలో లోపే వచ్చింది. పైది రెండు కిలోలు దాటింది, అంటే ఒక్క పలకలో లీటరున్నర నీళ్ళు. వాన నీళ్ళన్న మాట అక్కడితో ఆగిపోయింది.

లోపలి గోడని ఇన్‌ఫ్రారెడ్ గన్‌తో కొలిచి థర్మోకోల్ మంచిదో కాదో చెప్పేస్తామనే వాళ్ళ మాట నమ్మకండి. పొడి గోడకి లోపలి ఉపరితలం 5 + 10.71 × 0.125, అంటే 6.3 ఉండాలి. వాహకత రెట్టింపైతే 7.3 ఉంటుంది. తేడా ఒక్క డిగ్రీ, మామూలు గన్‌లో పొరపాటే రెండు డిగ్రీల దాకా ఉంటుంది.

ఈ లెక్క ఎక్కడ ఆగిపోతుంది

నిరోధాల్ని కూడడం అనేది గోడ నిలకడగా ఉన్నప్పుడే చెల్లుతుంది. తొమ్మిది అంగుళాల ఇటుక వేడెక్కడానికీ చల్లబడడానికీ గంటల కొద్దీ పడుతుంది, మధ్యాహ్నం 40 డిగ్రీలు ఇటుక వెనక్కి చేరేలోపు బయట సాయంత్రమవుతుంది. అందుకని నిజమైన పనికి 24 గంటల సగటు ఉష్ణోగ్రత వేయండి, నేను 40 వేసింది లెక్క తేలిగ్గా అర్థం కావడానికి. ముసురు రోజుల్లో పగలూ రాత్రీ పెద్ద తేడా ఉండదు కాబట్టి వర్షాకాలం సంఖ్యని ఎక్కువగా నమ్మవచ్చు. ఎండ నేరుగా తగిలే పడమటి గోడకి బయటి గాలి ఉష్ణోగ్రత సరిపోదు, ఆ గోడ ఉపరితలం గాలి కంటే చాలా వేడెక్కుతుంది.

రెండోది, పలకల మధ్య చెక్క బద్దెలు. థర్మోకోల్‌ని పట్టి ఉంచడానికి చాలాచోట్ల వేస్తారు. చెక్క దగ్గర వేడికి వేరే దారి దొరికినట్టే, అక్కడ పొరలు వరసలో ఉన్నా, బద్దె ఉన్న గోడా లేని గోడా పక్కపక్కన నడుస్తాయి. చెక్కకి 0.14 వేసి బద్దె గుండా విడిగా లెక్కేస్తే, 40 డిగ్రీల రోజున అక్కడ ప్రవాహం 29 వాట్లు, జాయింటు 30 డిగ్రీలు. పక్కనున్న చోటు 36.3లో ఉండగా ఇది 30లో ఉంది. వర్షాకాలం మొదట తడిసేది బద్దెల వెనకే. ఫోటోలో బద్దె కనిపిస్తే దాన్ని వదిలేయకండి, దాని మీదుగా ఇంకో వరస లెక్క రాయండి.

తమ్ముడు చివరికి అడిగింది, ఇంకో 50 మిల్లీమీటర్ల పలక వేస్తే సరిపోతుందా అని. వేసి చూద్దాం: మొత్తం 4.658, వర్షాకాలం ప్రవాహం 4.94, జాయింటు 26.3. డ్యూ పాయింట్ 26.2. వెంట్రుకవాసిలో గట్టెక్కింది, బద్దెల దగ్గర అదీ ఉండదు. కాబట్టి పై సగంలో పలకలన్నీ తీసేయమన్నాను, తడిసిన థర్మోకోల్ గోడ మధ్యలో ఎన్నాళ్ళున్నా ఆరదు. ఇటుక ముఖాన్ని ప్లాస్టరింగ్‌తో చదును చేసి, అది పూర్తిగా ఆరాక తారు రెండు పూతలు నిండుగా వేసి, కొత్త పలకలు రెండు వరసల్లో, ముందు వరస జాయింట్ల మీద వెనక వరస జాయింట్లు పడకుండా అంటించమన్నాను. మూసేసే ముందు తారు పూత మీద, పలక వెనక, ఉష్ణోగ్రత కొలిచే థర్మోకపుల్ తీగ ఒకటి పెట్టి దాని కొస బయటికి వదలమన్నాను. ఈ ముసురులో దాని మీద 25, 26 మధ్య కనిపిస్తే థర్మోకోల్ పొడిగా ఉన్నట్టు. 24 దగ్గరికి దిగుతూ పోతే తారులో ఎక్కడో చిల్లు ఉన్నట్టు.